హెడ్డింగులు తెగిపోయిన వాయిదాల పట్టిక

రాత్రి పదిన్నరకి మా చిన్నాన్న కొడుకు నుంచి ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది, వాడి అప్పు వాయిదాల పట్టికది. వెనకే మెసేజ్: "అక్కా, ఏడాది నుంచి ఒక్క నెల కూడా తప్పకుండా కడుతున్నా. మొత్తం లక్షా యాభై రెండు వేలు అయింది. అప్పు చూస్తే అరవై నాలుగు వేలే తగ్గింది. మిగతాదంతా ఎటు పోయినట్టు? నన్ను మోసం చేశారా?"

నేను లెక్కలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి ఇంట్లోవాళ్ళకి ఇలాంటి అనుమానం ఎప్పుడొచ్చినా నాకే పంపుతారు. ఆ మెసేజ్‌లో కోపం కంటే భయం ఎక్కువ కనిపించింది. పదేళ్ళ అప్పు, ఇంకా తొమ్మిదేళ్ళు కట్టాలి. మొదటి ఏడాదే సగానికి పైగా డబ్బు కనపడకుండా పోయిందనిపిస్తే మిగతా తొమ్మిదేళ్ళు ఎలా నిద్ర పడుతుంది? అందుకే పొద్దున చూద్దాంలే అనుకోకుండా అప్పుడే లేచి, కాగితం పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను.

ఫొటో బాగా లేదు. కాగితాన్ని మంచం మీద పెట్టి, పక్క నుంచి వంగి తీసినట్టున్నాడు. పై అంచు తెగిపోయింది, దాంతో ఏ కాలమ్ ఏమిటో చెప్పే హెడ్డింగులు లేవు. అయిదో వరస సరిగ్గా మడత మీద పడింది. ఏడో వరస చివర ఫోన్ నీడ. కిందికి వెళ్ళేకొద్దీ వరసలు కాస్త వాలుగా దిగుతున్నాయి, చూపు ఒక వరస నుంచి పక్క వరసలోకి జారిపోయేలా. పైన నాలుగు వరసలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి:

```
1  10,00,000  12,668  7,500  5,168  9,94,832
2   9,94,832  12,668  7,461  5,207  9,89,625
3   9,89,625  12,668  7,422  5,246  9,84,379
4   9,84,379  12,668  7,383  5,285  9,79,094
```

ఇలాంటి పట్టికని అంకె అంకెగా చదివితే బుర్రకి ఏమీ ఎక్కదు. 120 వరసలు, వరసకి అయిదు అంకెలు, ఆరువందల అంకెల అడవి అది. కానీ ఒక అంకెకి పక్క అంకెతో ఉన్న చుట్టరికం పట్టుకుంటే మూడు నాలుగు వరసలతోనే పట్టిక మొత్తం తెరుచుకుంటుంది. ఫొటోలో చెరిగిపోయిన అంకెలు కూడా ఆ చుట్టరికం వల్లే తిరిగి దొరుకుతాయి. మా తమ్ముడి ప్రశ్నకి జవాబూ అందులోనే ఉంది.

ముందు హెడ్డింగుల సంగతి. పేర్లు లేకపోయినా కాలమ్‌ల నడక చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. కిందికి ఎంత దూరం వెళ్ళినా మారకుండా నిలబడి ఉన్నది నెలవారీ వాయిదా, అంటే ఈఎంఐ. ఇక్కడ 12,668. నెలనెలా కొంచెం కొంచెం తగ్గుతున్న చిన్న అంకె వడ్డీ. అదే మోతాదులో పెరుగుతున్న చిన్న అంకె అసలు. తగ్గుతూ పోయే పెద్ద అంకె బాకీ. ఈ పట్టికలో బాకీ రెండు చోట్ల ఉంది: వరస మొదట్లో ఉన్నది ఆ నెల మొదలయ్యేటప్పటికి ఉన్న బాకీ, చివర ఉన్నది వాయిదా కట్టాక మిగిలిన బాకీ. ఒక వరస చివర ఉన్న 9,94,832 దిగి వచ్చి తర్వాతి వరస మొదట్లో కూర్చోవడం చూశారా? అదే ఈ రెండు కాలమ్‌లని గుర్తుపట్టే తీరు.

చాలా పట్టికల్లో బాకీ కాలమ్ ఒకటే వేస్తారు. అప్పుడు అది నెల మొదటి బాకీయా, చివరి బాకీయా అన్నది తేల్చుకోవాలి. మొదటి వరసలో తీసుకున్న అప్పు మొత్తం అలాగే ఉంటే మొదటి బాకీ. మొదటి వరసే చిక్కకపోతే ఇంకో దారి ఉంది. ఏదో ఒక వరసలో బాకీని నెల వడ్డీ రేటుతో గుణించండి. అదే వరసలో ఉన్న వడ్డీ వస్తే అది మొదటి బాకీ, కింది వరసలో ఉన్న వడ్డీ వస్తే చివరి బాకీ. ఈ తేడా తెలియక వేరే బాకీని గుణించి, "వీళ్ళు వడ్డీ ఎక్కువ వేస్తున్నారు" అని గొడవకి వెళ్ళినవాళ్ళని చూశాను. వాళ్ళ గుణకారం సరైనదే, చూసిన కాలమ్ వేరు.

ఇక అసలు లెక్క. ఈ అప్పుకి వడ్డీ ఏడాదికి 9 శాతం, అంటే నెలకి ముప్పావు శాతం. మన పెద్దవాళ్ళ మాటలో నూటికి ముప్పావలా వడ్డీ. వెయ్యికి ఏడున్నర. మొదటి నెల బాకీ పది లక్షలు, అంటే వెయ్యి వేలు. వెయ్యికి ఏడున్నర చొప్పున 7,500. కట్టింది 12,668. అందులోంచి 7,500 తీసేస్తే మిగిలేది 5,168. ఆ మిగిలినదే అప్పులోంచి తగ్గుతుంది. పది లక్షల్లోంచి 5,168 పోతే 9,94,832.

రెండో నెల వడ్డీ లెక్క ఈ 9,94,832 మీద. వెయ్యికి ఏడున్నర చొప్పున 7,461. మొదటి నెల కంటే 39 తక్కువ. ఎందుకు 39? మొదటి నెల అసలులో 5,168 తీరింది కదా, ఆ అయిదు వేల చిల్లర మీద ఇక వడ్డీ పడదు. దాని మీద నెలకి పడాల్సిన వడ్డీ 39. వాయిదా మారదు కాబట్టి ఆ 39 పక్క గడిలోకి, అసలులోకి వెళ్ళిపోయింది: 5,168 కాస్తా 5,207 అయింది. మూడో నెల మళ్ళీ అలాగే, నాలుగో నెల మళ్ళీ అలాగే. ఈ పట్టికలో జరిగేదంతా ఇదే. ఒక గుణకారం, రెండు తీసివేతలు, 120 సార్లు.

ఇది ఫోన్‌లో చెబితే తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అయితే వాళ్ళు వడ్డీ ముందే లాగేసుకోవట్లేదా? ఆఫీసులో అందరూ అదే అంటారు. ముందు వడ్డీ అంతా పట్టుకుని, తర్వాత అసలు జమ చేసుకుంటారని."

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దీని మీదే నాకు గట్టి అభ్యంతరం. ముందు వరసల్లో వడ్డీ ఎక్కువ ఉన్న మాట నిజం. దానికి కారణం, ముందు నెలల్లో అప్పు ఎక్కువ ఉండడం. మొదటి నెల పది లక్షలు మన దగ్గర ఉన్నాయి, పది లక్షలకి ఒక నెల వడ్డీ కట్టాం. నూరో వరసకి వెళ్ళి చూస్తే బాకీ సుమారు 2,45,200 ఉంటుంది, వడ్డీ సుమారు 1,840. రెండున్నర లక్షల లోపు సొమ్ముకి ఒక నెల వడ్డీ. రెండు చోట్లా వెయ్యికి ఏడున్నరే. రాబోయే నెలల వడ్డీని ముందే పట్టుకున్న వరస ఒక్కటి కూడా ఈ పట్టికలో లేదు. అనుమానం ఉంటే ఏ వరసనైనా తీసుకుని వడ్డీని బాకీతో భాగించి చూడొచ్చు. పన్నెండో వరసలో 7,057ని 9,40,971తో భాగిస్తే 0.0075. ఒకటో వరసలోనూ అంతే.

ఇదేదో మాటల పట్టింపు అనుకోవద్దు. ఆ తప్పు నమ్మకం వల్ల డబ్బు పోతుంది. "ముందు వడ్డీ అంతా పట్టేసుకున్నారు, ఇప్పుడు మిగిలింది అసలే కదా, ముందుగా తీర్చి ఏం లాభం" అని ఎనిమిదో ఏట చేతిలో సొమ్ము ఉండి కూడా అప్పు అలాగే ఉంచుకుంటారు. ఆ నెలల్లో వడ్డీ చిన్నదే, ఎందుకంటే మిగిలిన బాకీ చిన్నది. కానీ మిగిలిన ప్రతి వెయ్యి మీదా అదే ఏడున్నర పడుతూనే ఉంటుంది. చేతిలో ఉన్న సొమ్ముని అప్పుకి కట్టాలా, దాచుకోవాలా అన్నది ఆ తొమ్మిది శాతాన్నీ, ఆ సొమ్ము వేరే చోట తెచ్చే రాబడినీ పక్కపక్కన పెట్టి తేల్చుకోవాల్సిన విషయం. వాయిదాలో ఎంత వడ్డీ, ఎంత అసలు అన్న పాలు చూసి తేల్చుకునేది కాదు.

అయినా తమ్ముడి బాధకి ఆధారం లేకపోలేదు. పన్నెండు వరసల వడ్డీ గడులు కూడితే 87,376. అసలు గడులు కూడితే 64,640. రెండూ కలిపితే 1,52,016. వాడు కట్టింది సరిగ్గా అంతే. డబ్బు ఎటూ పోలేదు గానీ వడ్డీకీ అసలుకీ పంపకం అలా ఉంది. ఈ అప్పులో అసలు గడి మొదటిసారి వడ్డీ గడిని దాటేది 29వ వరసలో. సగం అప్పు, అంటే అయిదు లక్షలు, తీరేసరికి 73 నెలలు దాటిపోతాయి. పదేళ్ళ అప్పు కాబట్టి అయిదేళ్ళకి సగం తీరుతుందని అందరం అనుకుంటాం, కానీ సగం తీరడానికి ఆరేళ్ళ పైన పడుతుంది. సంతకం పెట్టే రోజున ఈ ఒక్క అంకెని ఎవరైనా వేలు పెట్టి చూపించి ఉంటే, ఏడాది తర్వాత రాత్రి పదిన్నరకి ఆ మెసేజ్ వచ్చేది కాదు. అప్పు ఇచ్చినవాళ్ళు కాగితం ఇచ్చారు, చదివి చెప్పలేదు. నా ఫిర్యాదు అంతవరకే, కానీ అది చిన్న ఫిర్యాదు కాదు.

ఇప్పుడు ఫొటో బాధల దగ్గరికి వస్తాను, ఎందుకంటే సగం గొడవలు అక్కడే పుడతాయి.

అయిదో వరసలో మడత ఉందన్నాను కదా. తమ్ముడు అక్కడి వడ్డీని 7,843 అని చదివాడు. "చూడు, నాలుగో నెల 7,383 ఉంటే అయిదో నెల పెరిగింది" అని అదే పెద్ద సాక్ష్యంగా చూపించాడు. నేను ఫొటోని ఎంత పెద్దది చేసి చూసినా అది 3 అనిపిస్తుంది, 8 అనిపిస్తుంది. కంటితో తేలదు, కూడికతో తేలుతుంది. పక్కన అసలు 5,325 శుభ్రంగా ఉంది. 7,843కి 5,325 కలిపితే 13,168. వాయిదా 12,668. సరిగ్గా 500 ఎక్కువ. తేడా అలా గుండ్రంగా, ఒకే స్థానంలో వచ్చిందంటే ఆ స్థానంలో ఒక అంకెని తప్పుగా చదివామని అర్థం. వందల స్థానంలో 8 తీసేసి 3 పెడితే 7,343. పైన 7,383, కింద 7,303, మధ్యలో 7,343. నలభై నలభై చొప్పున దిగుతున్న మెట్లలో చక్కగా ఇమిడిపోయింది.

ఏడో వరస చివర నీడ పడ్డ గడి ఇంకా సులువు. మొదటి బాకీ 9,68,404, అసలు 5,405, తీసేస్తే 9,62,999. ఎనిమిదో వరస మొదట్లో ఏముందో చూస్తే అదే ఉంది. ఒక గడికి రెండు దారుల్లో జవాబు దొరుకుతుంటే ఇక ఆ గడి కనపడకపోయినా బెంగ లేదు.

నన్ను కాసేపు తికమక పెట్టింది మాత్రం మూడోది. తమ్ముడు ఫొటో చూసి అంకెలు టైపు చేసి పంపిన జాబితాలో ఎనిమిదో వరసకి వడ్డీ 7,182, అసలు 5,446 అని ఉంది. కూడితే 12,628. వాయిదా కంటే 40 తక్కువ. ఒక్క అంకె తప్పు చదివాడేమో అనుకుని పదుల స్థానం అంతా వెతికాను. ఫొటోలో రెండు అంకెలూ స్పష్టంగానే ఉన్నాయి, ఏ అంకే తప్పు కాదు. అప్పుడు తట్టింది, నలభై అంటే వరసకీ వరసకీ మధ్య ఉన్న మెట్టు. 7,182 తొమ్మిదో వరస వడ్డీ. ఫొటో వాలుగా ఉండడం వల్ల చూపు మధ్యలో ఒక వరస కిందికి జారింది. ఎనిమిదో వరస అసలుకి తొమ్మిదో వరస వడ్డీని జతచేశాడు. ఎనిమిదో వరస సొంత వడ్డీ 7,222, దానికి 5,446 కలిపితే 12,668.

అప్పటి నుంచి నేను ఈ పద్ధతి పెట్టుకున్నాను. వరసలో వడ్డీనీ అసలునీ కూడి వాయిదాతో పోల్చినప్పుడు తేడా 500, 30, 6 లాంటి ఒకే స్థానపు అంకె అయితే ముందు చెరిగిన అంకె కోసం వెతుకుతాను. తేడా ఆ పట్టికలో ఒక మెట్టంత ఉంటే వరస జారిందేమో చూస్తాను. ఇక్కడ 40 రెండు రకాలుగానూ కనిపిస్తుంది కాబట్టి రెండూ చూడాల్సి వచ్చింది. తేడా 9తో నిశ్శేషంగా పోతుంటే, ఉదాహరణకి 18 వస్తే, పక్కపక్క అంకెలు తారుమారు అయ్యాయేమో చూస్తాను, 5,446 బదులు 5,464 కొట్టినట్టు. లెక్కలు రాసేవాళ్ళకి ఈ తొమ్మిది సంగతి పాతదే, ఇలాంటి పట్టికకి కూడా అక్కరకొస్తుంది. తేడా 1 అయితే మాత్రం కంగారు పడక్కర్లేదు, చాలావరకు పైసలు సవరించి పూర్తి అంకె వేయడం వల్ల వచ్చేది.

ఫొటోలో బాకీ కాలమ్ మొత్తం తెగిపోయి వడ్డీ, అసలు మాత్రమే మిగిలితే? అప్పుడు కూడా రేటు దొరుకుతుంది. మొదటి వరస వడ్డీ 7,500, పన్నెండో వరస వడ్డీ 7,057. తగ్గింది 443. ఆ మధ్యలో తీరిన అసలు, అంటే మొదటి పదకొండు వరసల అసలు గడులు కూడితే 59,029. తీరిన 59,029 వల్ల నెల వడ్డీ 443 తగ్గింది కాబట్టి 443ని 59,029తో భాగిస్తే 0.0075. పన్నెండుతో గుణిస్తే తొమ్మిది శాతం. పక్కపక్క వరసలు రెండే తీసుకుని ఇదే చేస్తే 39ని 5,168తో భాగించాలి, 9.06 శాతం వస్తుంది. సవరింపు వల్ల వచ్చే తేడా అది, కాబట్టి వీలైనంత దూరంగా ఉన్న వరసలు తీసుకోవడం మంచిది. రేటు తెలిశాక వడ్డీని రేటుతో భాగించి బాకీ కూడా రాబట్టొచ్చు. అయితే ఒక హద్దు ఉంది: వడ్డీలో అర్ధరూపాయి సవరింపు బాకీలో 67 దాకా తేడా తెస్తుంది. పన్నెండో వరసకి అలా లెక్కేస్తే 9,40,933 వస్తుంది, పట్టికలో ఉన్నది 9,40,971. ఉజ్జాయింపుకి పనికొస్తుంది గానీ అప్పు ముగించడానికి ఎంత కట్టాలో తేల్చడానికి సరిపోదు.

ఇంతవరకూ వడ్డీ మెట్లు మెట్లుగా దిగే పట్టికే చూశాం. కొన్ని పట్టికల్లో వడ్డీ నెలకి కాకుండా రోజులకి లెక్కేస్తారు. పది లక్షలకి తొమ్మిది శాతం చొప్పున 31 రోజుల నెలకి 7,644, 30 రోజుల నెలకి 7,397, 28 రోజుల నెలకి 6,904. అలాంటి పట్టికలో వడ్డీ పైకీ కిందికీ ఊగుతుంది, ఫొటో తప్పేమో అని టెన్షన్ పడతాం. అక్కడ కూడా వడ్డీ, అసలు కలిస్తే వాయిదా రావాలి. ఆ కూడిక సరిపోతూ, తేదీలతో పాటు వడ్డీ ఊగుతుంటే అంకెలు సరిగ్గా చదివినట్టే. అప్పు చేతికి వచ్చిన రోజుకీ మొదటి వాయిదా తేదీకీ మధ్య నెల కంటే ఎక్కువ ఉంటే, మొదటి వరసలో వడ్డీ కొంచెం ఎక్కువ పడడం, లేదా అసలు గడి సున్నాగా ఉన్న ఒక వరస విడిగా రావడం కూడా మామూలే. చివరి వరసలో వాయిదా మిగతావాటితో కలవదు. ఈ పట్టికలో సుమారు 80 తక్కువ ఉంటుంది, నెలనెలా 12,667.58 బదులు 12,668 కట్టడం వల్ల మిగిలిపోయినది అక్కడ సర్దుకుంటుంది.

నిజంగా భయపడాల్సిన పట్టిక ఇంకొకటి ఉంది. చూపుకి అది ఎంతో మంచిగా ఉంటుంది, అందుకే దాని గురించి ఆగి చెప్పాలి. అదే పది లక్షలు, అదే పదేళ్ళు, అదే "9 శాతం", కానీ ఫ్లాట్ వడ్డీ. అంటే పదేళ్ళకీ పది లక్షల మీదే వడ్డీ లెక్కేసి, తొమ్మిది లక్షలు తేల్చి, అసలుతో కలిపి 120 భాగాలు చేస్తారు. వాయిదా 15,833 అవుతుంది. ఒకటో వరసలో వడ్డీ 7,500, అసలు 8,333. చూడగానే హాయిగా ఉంటుంది, మొదటి నెల నుంచే వడ్డీ కంటే అసలు ఎక్కువ! తమ్ముడి పట్టికలో 29వ వరస దాకా రాని రోజు ఇక్కడ మొదటి వరసలోనే వచ్చేసింది. "వడ్డీ ముందు లాగేసుకోని" పట్టిక కావాలంటే ఇదే.

కానీ వడ్డీ కాలమ్ వెంట వేలు కిందికి జరపండి. రెండో వరసలో 7,500. ఇరవయ్యో వరసలో 7,500. అరవై ఒకటో వరసలో, అప్పటికే సగం అప్పు తీరిపోయి, బాకీ అయిదు లక్షలే ఉన్నా మళ్ళీ 7,500. తీర్చేసిన సొమ్ము మీద కూడా వడ్డీ కడుతూనే ఉన్నాం. అయిదు లక్షల మీద నెలకి 7,500 అంటే నూటికి రూపాయిన్నర, ఏడాదికి 18 శాతం. తగ్గే బాకీ మీద లెక్క కడితే ఈ అప్పు నిజమైన రేటు ఏడాదికి సుమారు 14.5 శాతం తేలుతుంది. అందుకే వడ్డీ పాలు ఎంత అని కాదు, వడ్డీ కాలమ్ దిగుతోందా లేదా అని చూడమంటాను. దిగని వడ్డీ కాలమ్ కనిపిస్తే ఆ ఫొటో పంపినవాళ్ళకి నేను వెంటనే ఫోన్ చేస్తాను, మెసేజ్‌తో సరిపెట్టను.

తమ్ముడిది అలాంటిది కాదని తేలాక వాడి గొంతు తేలికపడింది. తర్వాత అడగాల్సిన ప్రశ్నే అడిగాడు: "నా దగ్గర యాభై వేలు ఉన్నాయి. ఇప్పుడు కడితే ఏమవుతుంది?"

దీనికీ పట్టికలోనే జవాబు ఉంది. పన్నెండో వరస చివర బాకీ 9,35,360. ఆ రోజే యాభై వేలు కడితే 8,85,360. ఇప్పుడు ఈ అంకె కోసం చివరి బాకీ కాలమ్ వెంట కిందికి వెళ్ళాలి. ఇరవయ్యో వరస చివర 8,88,900 దగ్గర ఉంది, ఇరవై ఒకటో వరస చివర 8,82,900 దగ్గర. అంటే పన్నెండో వరసలో నిలబడినవాడు ఒక్క గెంతులో ఇరవయ్యో వరస దాటేశాడు. మధ్యలో ఉన్న 13 నుంచి 20 దాకా ఎనిమిది వరసల వడ్డీ గడులు ఇక కట్టక్కర్లేదు. అవి కూడితే దాదాపు 55 వేలు. యాభై వేలు కట్టి, ముందు ముందు కట్టాల్సిన వడ్డీలో కనీసం యాభై అయిదు వేలు తప్పించుకుంటున్నాడు. ఆ 55 వేలు ఒక్క రోజులో చేతికొచ్చే లాభం కాదని కూడా చెప్పాను. చివర్లో ఎనిమిది నెలలు ముందే అప్పు తీరిపోవడం ద్వారా అది మిగులుతుంది.

ఇందులో ఒక షరతు ఉంది, ఇది చెప్పకపోతే చెప్పిందంతా వృథా. వాయిదా 12,668గానే ఉంచి గడువు తగ్గించమని అడగాలి. అడగకపోతే గడువు అలాగే ఉంచి వాయిదా తగ్గించే వీలుంది. అది తప్పేం కాదు, నెల ఖర్చు ఇరుగ్గా ఉన్నవాళ్ళకి అదే మేలు, కానీ ఆదా అయ్యే వడ్డీ బాగా తగ్గిపోతుంది. ముందుగా కట్టినందుకు ఏమైనా చార్జీ పడుతుందా అన్నది అప్పు ఒప్పందంలో చూసి, ఆ 55 వేలలోంచి తీసేసుకోవాలి. రేటు మారే అప్పు అయితే ఈ ఫొటో తీసిన రోజు నాటి పట్టిక ఇంకా చెల్లుతుందో లేదో కూడా చూసుకోవాలి. పట్టిక అనేది ముందు వేసుకున్న లెక్క. ఇప్పటి ఖాతా స్టేట్‌మెంట్‌లో బాకీ, పట్టికలో ఈ నెల బాకీ ఒకటేనా అని చూస్తే అది తెలిసిపోతుంది. తమ్ముడిది స్థిరమైన రేటే, స్టేట్‌మెంట్‌లో కూడా 9,35,360 ఉంది.

ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట గట్టిగా చెప్పాను, ఫొటో తీసే తీరు మార్చుకోమని. కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి, నిటారుగా పైనుంచి, పగటి వెలుతురులో తీయాలి. పట్టిక పొడుగైతే ఒకే ఫొటోలో ఇరికించకుండా రెండు మూడుగా తీయాలి, ఒక ఫొటో చివరి వరస తర్వాతి ఫొటోలో మొదటి వరసగా మళ్ళీ రావాలి. అప్పుడు మధ్యలో వరస తప్పిపోయిందేమోనన్న అనుమానం ఉండదు. హెడ్డింగులు లేకుండా చదవొచ్చని ఇంత చెప్పాక కూడా అంటున్నాను, హెడ్డింగులు ఉంటే ఆ రాత్రి మాకు గంట కలిసొచ్చేది.

వారం తర్వాత వాడు యాభై వేలు కట్టి, గడువు తగ్గించమని రాసిచ్చాడు. కొత్త పట్టిక ఫొటో పంపాడు. ఈసారి నిటారుగా ఉంది, హెడ్డింగులు ఉన్నాయి, నాలుగు అంచులూ కనిపిస్తున్నాయి. మొదటి వరసలో బాకీ 8,85,360, వాయిదా 12,668, వడ్డీ 6,640, అసలు 6,028. మిగిలిన వరసలు 108 ఉండాల్సింది సరిగ్గా 100 ఉన్నాయి. ఫొటోలో మొదటి మూడు వరసల పక్కన పెన్సిల్‌తో టిక్కులున్నాయి. గుణకారం వాడే వేసి చూసుకున్నాడు. మూడో వరస దగ్గర మాత్రం టిక్కు పక్కనే చిన్న ప్రశ్న గుర్తు పెట్టి, "అక్కా, ఇక్కడ ఒక్కటి తేడా వస్తోంది, ఇది ఆ పైసల సవరింపేనా?" అని రాశాడు.

అదే.